మూడు వరుస సంఖ్యల లబ్ధం 6తో ఎందుకు పోతుంది? పరీక్షలో ఎలా రాయాలి?

ప్రశ్న: "మా అమ్మాయి పదో తరగతి. 'వరుసగా వచ్చే ఏ మూడు పూర్ణాంకాల లబ్ధమైనా 6తో నిశ్శేషంగా భాగించబడుతుందని చూపండి' అన్న లెక్కకి 1×2×3 నుంచి 6×7×8 దాకా ఆరు ఉదాహరణలు వేసింది. కింద 'ఒకటి 2తో పోతుంది, ఒకటి 3తో పోతుంది, కాబట్టి 6తో పోతుంది' అని రాసింది. సార్ మార్కులేమీ వేయలేదు. ఇందులో తప్పేముంది? అసలు ఎలా రాయాలి?"

సమాధానం:

నమస్కారం అండీ. నేను హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను, పదో తరగతి పేపర్లు దిద్దే స్పాట్ వాల్యుయేషన్‌కీ వెళ్లేవాణ్ణి. ముందు సూటిగా చెబుతాను. మీ అమ్మాయి ఆలోచన సరైనదే. ఆ చివరి వాక్యంలో నిరూపణ మొత్తం దాగి ఉంది. కానీ అందులో మూడు మాటలున్నాయి, మూడింటికీ కారణం రాయలేదు. ఒకటి 2తో ఎందుకు పోతుంది? ఒకటి 3తో ఎందుకు పోతుంది? రెండింటితోనూ పోతే 6తో ఎందుకు పోవాలి? ఆ ఆరు ఉదాహరణలు ఈ మూడింటిలో దేనికీ జవాబు కావు. అయితే ఆవిడ ఎంచుకున్న ఆ ఆరింటికీ ఒక విశేషం ఉంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను. సున్నా వేయడం మాత్రం కాస్త కఠినమే. నేనైతే సగం మార్కులిచ్చేవాణ్ణి.

పేపర్లో ఇలా రాస్తే ఎవరూ వేలు పెట్టలేరు:

వరుస పూర్ణాంకాలు n, n + 1, n + 2 అనుకుందాం. వాటి లబ్ధం P = n(n + 1)(n + 2).

మొదటి మెట్టు. n సరి సంఖ్య అయితే n = 2k, కాబట్టి P 2తో పోతుంది. n బేసి సంఖ్య అయితే n = 2k + 1, అప్పుడు n + 1 = 2k + 2 = 2(k + 1), అప్పుడూ P 2తో పోతుంది. కాబట్టి ఏదో ఒక పూర్ణాంకం a కి P = 2a.

రెండో మెట్టు. n ని 3తో భాగిస్తే శేషం 0, 1, 2 లలో ఒకటి.
n = 3m అయితే n 3తో పోతుంది.
n = 3m + 1 అయితే n + 2 = 3m + 3 = 3(m + 1).
n = 3m + 2 అయితే n + 1 = 3m + 3 = 3(m + 1).
మూడు సందర్భాల్లోనూ ఒక కారణాంకం 3తో పోతుంది, కాబట్టి P = 3b.

మూడో మెట్టు. P = 3P − 2P = 3(2a) − 2(3b) = 6a − 6b = 6(a − b). కాబట్టి P 6తో నిశ్శేషంగా భాగించబడుతుంది.

జవాబు ఇంతే. మొదటి రెండు మెట్లూ పిల్లలకి తెలిసినవే, పదో తరగతి వాస్తవ సంఖ్యల పాఠంలోని భాగహార న్యాయం తప్ప వాటిలో ఇంకేం లేదు. అయినా ఇక్కడే మార్కులు పోవడం ఎక్కువగా చూశాను. ఎక్కడెక్కడ పోతాయో చెబుతాను.

అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది ఒకే అక్షరం రెండుసార్లు వాడటం. "n = 2q కాబట్టి 2తో పోతుంది" అని రాస్తారు, నాలుగు లైన్ల కింద "n = 3q కాబట్టి 3తో పోతుంది" అంటారు. రాసేవాళ్ల మనసులో ఆ రెండు q లూ వేరు. కాగితం మీద మాత్రం ఒకటే. 2q, 3q సమానమైతే q సున్నా అయి తీరాలి. అంటే ఆ పిల్లవాడు n = 0 అన్న ఒక్క సందర్భానికే నిరూపణ రాసినట్టు. అందుకే పైన 2కి k, 3కి m, లబ్ధాలకి a, b అని వేర్వేరు అక్షరాలు వాడాను. మీ అమ్మాయికి ఈ ఒక్క అలవాటు చేయించండి, ఈ పాఠంలోని చాలా లెక్కల్లో మార్కులు నిలుస్తాయి.

ఇంకొకటి శేషాల దగ్గర జరిగే తడబాటు. శేషం 1 అయితే n + 1 3తో పోతుందని రాసేస్తారు, ఎందుకంటే కంటికి 1, 1 జత కనిపిస్తాయి. శేషం 1 ఉన్న సంఖ్య 3 గుణిజం కన్నా ఒకటి ఎక్కువ, అంటే తర్వాతి గుణిజానికి ఇంకా రెండు తక్కువ. కాబట్టి రెండు కలపాలి, n + 2 అవుతుంది. శేషం 2 అయితే ఒకటి కలిపితే చాలు. అనుమానం వస్తే n = 7 వేసి చూసుకోమనండి. 7 శేషం 1 ఉన్న సంఖ్య, 7, 8, 9 లలో 3తో పోయేది 9. అది n + 2.

ఒక చిన్న తేడా కూడా గమనించాలి. మూడు వరుస సంఖ్యల్లో 3తో పోయేది ఎప్పుడూ ఒక్కటే. సరి సంఖ్యలు మాత్రం ఒకటి ఉండొచ్చు, రెండూ ఉండొచ్చు. 5, 6, 7 లో ఒకటి, 4, 5, 6 లో రెండు. కాబట్టి 2 గురించి చెప్పేటప్పుడు "కనీసం ఒకటి" అనాలి. "సరిగ్గా ఒకటి" అని రాస్తే ఆ వాక్యం తప్పు. లబ్ధం 2తో పోవడానికి కనీసం ఒకటి చాలు.

ఇక మూడో మెట్టు. మీ అమ్మాయి రాసినదానిలో అసలు ఖాళీ ఉన్నది ఇక్కడే. "2తో పోతుంది, 3తో పోతుంది, కాబట్టి 6తో పోతుంది." వినడానికి ఇందులో అనుమానించాల్సిందేమీ కనిపించదు. అదే వాక్యంలో 2 స్థానంలో 4, 3 స్థానంలో 6 పెట్టి చదవండి. "4తో పోతుంది, 6తో పోతుంది, కాబట్టి 24తో పోతుంది." ఇప్పుడు 12 తీసుకోండి. 12 నాలుగుతోనూ పోతుంది, ఆరుతోనూ పోతుంది, 24తో పోదు. వాక్యం తీరు అదే, మొదటిది నిజం, రెండోది అబద్ధం. అంటే ఆ "కాబట్టి" తనంతట తాను నిలబడదు, దాని వెనక ఇంకేదో ఉండాలి.

ఆ ఇంకేదో ఏమిటంటే 2, 3 లకి 1 తప్ప వేరే ఉమ్మడి కారణాంకం లేకపోవడం, అంటే అవి సాపేక్ష ప్రధాన సంఖ్యలు కావడం. 4, 6 లకి 2 ఉమ్మడిగా ఉంది. 12లో ఉన్న ఒకే 2ని నాలుగూ తన లెక్కలో వేసుకుంది, ఆరూ తన లెక్కలో వేసుకుంది. ఒకే వస్తువుని రెండుసార్లు లెక్కపెట్టాం కాబట్టి 24 అనే అంచనా తప్పింది. 2, 3 ల దగ్గర అలా రెండుసార్లు లెక్కపడేది ఏమీ లేదు.

"2, 3 సాపేక్ష ప్రధానాలు కాబట్టి P 6తో పోతుంది" అని ఒక్క లైను రాసినా పదో తరగతికి సరిపోతుంది, పూర్తి మార్కులు వేస్తారు. నాకు మాత్రం P = 3P − 2P అన్న దారే ఇష్టం. దాంట్లో వేరే సిద్ధాంతం అరువు తెచ్చుకోనక్కర్లేదు, పిల్లలు తమ కళ్లతోనే చూడొచ్చు. 5×6×7 తీసుకుందాం. P = 210. P = 2a కాబట్టి a = 105. P = 3b కాబట్టి b = 70. a − b = 35, ఆరు ముప్ఫై ఐదులు 210. సరిపోయింది. ఇక్కడ పని చేసేది 3 − 2 = 1 అన్న చిన్న విషయం. మూడు P ల్లోంచి రెండు P లు తీసేస్తే ఒక్క P మిగులుతుంది. మూడు P ల్లో 6 ఉంది, ఎందుకంటే P లో 2 ఉంది. రెండు P ల్లోనూ 6 ఉంది, ఎందుకంటే P లో 3 ఉంది. 4, 6 లతో ఇదే చేద్దామంటే కుదరదు. నాలుగు గుణిజాలనీ ఆరు గుణిజాలనీ ఎలా కలిపినా తీసేసినా వచ్చేది సరి సంఖ్యే, 1 ఎప్పటికీ రాదు. ఒక్క P దగ్గరికి చేరే దారే లేదు.

ఇప్పుడు ఆ ఆరు ఉదాహరణల సంగతి.

ఉదాహరణలతో నిరూపణ కాదని టీచర్లందరం చెబుతాం, ఎందుకు కాదో చెప్పేవాళ్లు తక్కువ. ఆయిలర్ పేరుతో చెప్పుకునే ఒక సమాసం ఉంది, n² + n + 41. n = 0 వేస్తే 41, 1 వేస్తే 43, 2 వేస్తే 47, 3 వేస్తే 53. అన్నీ ప్రధాన సంఖ్యలే. n = 39 దాకా వరుసగా నలభై సార్లు ప్రధాన సంఖ్యే వస్తుంది. నలభై ఉదాహరణలు చూసినవాడు ఎప్పుడూ ఇంతేనని రాసేస్తే, n = 40 దగ్గర 1681 వస్తుంది. అది 41 × 41. నలభై సరిపోనప్పుడు ఆరు ఎలా సరిపోతాయి?

కానీ ఈ లెక్కలో ఆరు సరిపోతాయి! ఆ ఆరు ఎందుకు చాలో నాలుగు లైన్లు రాస్తే చాలు. ఏ పూర్ణాంకాన్నైనా 6తో భాగిస్తే n = 6q + r అని రాయొచ్చు, r విలువ 0 నుంచి 5 దాకా ఏదో ఒకటి. అప్పుడు

P = (6q + r)(6q + r + 1)(6q + r + 2)

దీన్ని గుణించి విప్పితే వచ్చే పదాల్లో 6q ఉన్నవన్నీ 6తో పోతాయి. 6q లేకుండా మిగిలేది r(r + 1)(r + 2) ఒక్కటే. అంటే P 6తో పోతుందా లేదా అన్నది r మీదే ఆధారపడుతుంది, q ఎంతైనా ఫర్వాలేదు. n కోటి అయినా, దాన్ని 6తో భాగిస్తే వచ్చే శేషం 4 కాబట్టి, 4×5×6 ఏం చెబితే అదే. ఇక చూడాల్సింది ఆరు విలువలే: r = 0 అయితే 0, 1 అయితే 6, 2 అయితే 24, 3 అయితే 60, 4 అయితే 120, 5 అయితే 210. అన్నీ 6 గుణిజాలే. నిరూపణ పూర్తయింది.

మీ అమ్మాయి వేసిన ఉదాహరణల్లో n విలువలు 1, 2, 3, 4, 5, 6. వీటిని 6తో భాగిస్తే శేషాలు 1, 2, 3, 4, 5, 0. ఒక్కటీ వదలకుండా ఆరూ వచ్చేశాయి! కావాలని చేసి ఉండకపోవచ్చు, కానీ పైన నాలుగు లైన్లు చేర్చి ఉంటే అదే కాగితం పూర్తి నిరూపణ అయ్యేది. ఈ సంగతి ఆవిడకి తప్పకుండా చెప్పండి. n² + n + 41 దగ్గర ఈ ఉపాయం పారదు. ఒక సంఖ్య ప్రధాన సంఖ్యా కాదా అన్నది ఒక్క భాజకంతో వచ్చే శేషాన్ని బట్టి తేలిపోయే విషయం కాదు. 6తో పోవడం మాత్రం శేషంతోనే తేలుతుంది. ఉదాహరణలు చాలవని గుడ్డిగా చెప్పే బదులు, ఎప్పుడు చాలుతాయో ఎప్పుడు చాలవో ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తే పిల్లలకి బాగా పడుతుంది.

"సున్నా కూడా 6తో పోతుందా?" అని r = 0 దగ్గర తప్పకుండా అడుగుతారు. పోతుంది. 0 = 6 × 0, శేషం సున్నా. పూర్ణాంకాలు సున్నా నుంచే మొదలవుతాయి కాబట్టి 0×1×2 కూడా ఈ లెక్కలో భాగమే. ప్రశ్నలో పూర్ణసంఖ్యలు అని ఉంటే రుణ సంఖ్యలూ వస్తాయి, అప్పుడూ పైన రాసిన నిరూపణలో అక్షరం మార్చక్కర్లేదు. శేషం మాత్రం రుణంగా ఉండకూడదు. −5 ని 3తో భాగిస్తే −5 = 3 × (−2) + 1, శేషం 1. కాబట్టి n + 2, అంటే −3, 3తో పోవాలి. పోతుంది కూడా.

ఇంకో దారి గణితానుగమనం. ఇది పై చదువుల్లో వచ్చే పద్ధతి, మీ అమ్మాయికి ఇప్పుడే అక్కర్లేదు. అయినా చెబుతున్నాను, ఎందుకంటే ఈ లెక్కలో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం దీని వెనకే ఉంది. n = 1 కి లబ్ధం 6, సరే. ఒక n దగ్గర 6తో పోయిందనుకుని, తర్వాతి దానికి ఎంత పెరిగిందో చూస్తాం.

(n + 1)(n + 2)(n + 3) − n(n + 1)(n + 2) = 3(n + 1)(n + 2)

ఇక్కడ చాలామంది "3 ఉంది కాబట్టి అయిపోయింది" అని ఆపేస్తారు. 3 ఉంటే 3తోనే పోతుంది. (n + 1), (n + 2) పక్కపక్క సంఖ్యలు, వాటిలో ఒకటి సరి, కాబట్టి వాటి లబ్ధంలో 2 ఉంది. అది కూడా రాస్తేనే పెరిగిన మొత్తం 6 గుణిజమవుతుంది. 6 గుణిజానికి 6 గుణిజం కలిపితే 6 గుణిజమే, కాబట్టి వరుసగా అన్నిటికీ నిజం.

ఆ పెరుగుదలని 6తో భాగించి చూడండి. (n + 1)(n + 2)/2 వస్తుంది. ఇది 1 నుంచి n + 1 దాకా ఉన్న సంఖ్యల మొత్తం. 1, 3, 6, 10, 15 అని వెళ్లే త్రిభుజ సంఖ్యలు ఇవే. పళ్ల బండి మీద బత్తాయిలని మూడు మూలల గోపురంలా పేర్చారనుకోండి. పైన ఒకటి, దాని కింద మూడు, దాని కింద ఆరు, ఆ కింద పది. నాలుగు వరసల గోపురంలో మొత్తం 1 + 3 + 6 + 10 = 20 కాయలు. ఇప్పుడు 4×5×6 ని 6తో భాగించండి. 120/6 = 20. ఐదో వరసకి ఇంకో 15 కాయలు కావాలి, మొత్తం 35. అటు 5×6×7 = 210, ఆరో వంతు 35. గణితానుగమనంలో ఒక మెట్టు ఎక్కడమంటే గోపురం కింద ఇంకో వరస పేర్చడమే. మూడు వరుస సంఖ్యల లబ్ధంలో ఆరో వంతు ఎందుకు పూర్ణాంకమో ఇప్పుడు వేరేలా తెలుస్తుంది: అది కాయల లెక్క, కాయలు సగాల్లో, మూడో వంతుల్లో ఉండవు.

ఇది నా కల్పన కాదు. ఆర్యభటుడు 499 ప్రాంతంలో రాసిన ఆర్యభటీయంలో, గణితపాదం 21వ శ్లోకంలో సరిగ్గా ఇదే ఉంది. ఈ రకం పేర్పుని ఆయన చితిఘనం అన్నాడు. వరసల సంఖ్యతో మొదలుపెట్టి ఒక్కొక్కటి పెరిగే మూడు సంఖ్యల్ని గుణించి 6తో భాగిస్తే చితిఘనం వస్తుందని చెప్పాడు. అదే శ్లోకంలో ఇంకో దారీ ఇచ్చాడు: వరసల సంఖ్యకి ఒకటి కలిపి, దాన్ని ఘనం చేసి, అందులోంచి ఆ సంఖ్యనే తీసేసి 6తో భాగించు. నాలుగు వరసలకి 5 ఘనం 125, అందులోంచి 5 తీస్తే 120, ఆరో వంతు 20. రెండూ ఒకటే. మూల శ్లోకంలో ఫలితమే ఉంటుంది, ఎందుకో ఉండదు. ఆ ఎందుకు మీ అమ్మాయి పేపర్లో రాయాల్సినదే.

ఆర్యభటుడి రెండో దారి పరీక్షలకి కూడా పనికొస్తుంది. మధ్య సంఖ్యని n అనుకుంటే మూడు వరుస సంఖ్యలు n − 1, n, n + 1. వాటి లబ్ధం n(n² − 1) = n³ − n. కాబట్టి "n³ − n 6తో భాగించబడుతుందని చూపండి" అంటే ఇదే లెక్క, వేషం మార్చుకుని వచ్చింది. కారణాంకాలుగా విడగొట్టగానే దొరికిపోతుంది. కొంచెం ముదురు వేషాలూ ఉన్నాయి. n³ + 5n కారణాంకాలుగా విడగొడితే n(n² + 5) అని ఆగిపోతుంది, వరుస సంఖ్యలు కనిపించవు. అక్కడ n³ + 5n = (n³ − n) + 6n అని రాయాలి. మొదటిది మన లబ్ధం, రెండోది ఎలాగూ 6 గుణిజం.

n(n + 1)(2n + 1) ఇంకా అందమైనది. మొదటి n సంఖ్యల వర్గాల మొత్తానికి సూత్రం n(n + 1)(2n + 1)/6 కదా, అది ఎప్పుడూ పూర్ణాంకమెలా అవుతుందని పిల్లలు అడుగుతారు. 2n + 1 ని (n − 1) + (n + 2) అని విడగొట్టండి.

n(n + 1)(2n + 1) = (n − 1)n(n + 1) + n(n + 1)(n + 2)

రెండు భాగాలూ మూడేసి వరుస సంఖ్యల లబ్ధాలే, రెండూ 6తో పోతాయి. 6తో భాగించి చూస్తే, ఒకటి n − 1 వరసల గోపురం, రెండోది n వరసల గోపురం. n = 4 కి 10, 20 కలిపితే 30. అటు 1 + 4 + 9 + 16 = 30. ఆర్యభటుడు వర్గాల మొత్తాన్ని చితిఘనం వెంటనే 22వ శ్లోకంలో చెప్పాడు.

6 కన్నా పెద్ద సంఖ్యతో ఎప్పుడూ పోతుందని చెప్పగలమా అని తెలివైన పిల్లలు అడుగుతారు. చెప్పలేం, 1×2×3 = 6 దగ్గరే ఆగిపోతుంది. కాకపోతే మొదటి సంఖ్య సరి అయితే n, n + 2 రెండూ సరి సంఖ్యలు. పక్కపక్క సరి సంఖ్యల్లో ఒకటి 4తో పోతుంది, కాబట్టి ఆ రెండింటి లబ్ధం 8తో పోతుంది, 3 ఎలాగూ ఉంది, మొత్తం 24తో పోతుంది. 2×3×4 = 24, 4×5×6 = 120, 6×7×8 = 336, అన్నీ 24 గుణిజాలే. మొదటిది బేసి అయితే ఆ హామీ లేదు, 5×6×7 = 210 పన్నెండుతో కూడా పోదు.

మీ అమ్మాయికి తర్వాత ఇవ్వాల్సిన లెక్క నాలుగు వరుస సంఖ్యలది, అది 24తో పోతుందని చూపించడం. ఇక్కడ "2తో, 3తో, 4తో పోతుంది, 2×3×4 = 24, కాబట్టి 24తో పోతుంది" అని రాస్తే ఫలితం నిజం, కారణం తప్పు. 12 కూడా 2తో, 3తో, 4తో పోతుంది, 24తో పోదు. పక్కాగా రాయాలంటే: నాలుగు వరుస సంఖ్యల్లో రెండు సరి సంఖ్యలు ఉంటాయి, అవి పక్కపక్క సరి సంఖ్యలు, ఒకటి 4తో పోతుంది, కాబట్టి P = 8a. వాటిలో మొదటి మూడింటిలో ఒకటి 3తో పోతుంది, కాబట్టి P = 3b. ఇప్పుడు 8, 3 లతో 1 తెప్పించాలి. 9 − 8 = 1 ఉంది కదా.

P = 9P − 8P = 9(8a) − 8(3b) = 72a − 24b = 24(3a − b)